సొంత అవసరానికి ఇల్లు ఖాళీ చేయమని ఇచ్చే నోటీసు: తరచుగా అడిగే ప్రశ్నలు

అద్దెకిచ్చిన ఇల్లు తమ కుటుంబానికే కావలసి వచ్చినప్పుడు యజమానులు అడిగే ప్రశ్నలు, అలాంటి నోటీసు అందుకున్న అద్దెదారులు అడిగే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి. జవాబులు తెలంగాణలోని నివాస గృహాలకు సంబంధించినవి. దుకాణాలు, గోదాములు, ప్రభుత్వ క్వార్టర్ల సంగతి వేరు, వాటి జోలికి పోలేదు. నేను న్యాయవాదిని. ఈ ప్రశ్నలన్నీ నా బల్ల ముందు కూర్చుని మనుషులు అడిగినవే.

ఇల్లు నాది. నాకు కావాలంటే కారణం ఎందుకు చెప్పాలి?

కొన్ని ఇళ్ల విషయంలో చెప్పి తీరాలి, కొన్నింటి విషయంలో చెప్పనక్కరలేదు. నోటీసు రాయడానికి కూర్చునే ముందు మీ ఇల్లు ఏ కోవలోకి వస్తుందో తేల్చుకోవాలి. మిగతాదంతా దాన్ని బట్టే ఉంటుంది.

మొదటి కోవ 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కిందికి వచ్చే ఇళ్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన ఈ చట్టం తెలంగాణకు కొనసాగింది. హైదరాబాద్, సికింద్రాబాద్‌లతో పాటు మునిసిపాలిటీలున్న పట్టణాలకు వర్తిస్తుంది. అయితే 2005లో వచ్చిన సవరణ దీని పరిధిని బాగా కుదించింది. మునిసిపల్ కార్పొరేషన్ ప్రాంతంలో నెల అద్దె 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన ఇళ్లను చట్టం బయటకు పంపింది. కట్టడం పూర్తయి 15 ఏళ్లు నిండని ఇళ్లకూ ఇది వర్తించదు. ఈ చట్టం కింద అద్దెదారును పంపించాలంటే అందులో చెప్పిన కారణాల్లో ఒకటి, ఇలాంటి తగవులు విచారించే అధికారి అయిన రెంట్ కంట్రోలర్ ముందు రుజువు చేయాలి. సొంత అవసరం వాటిలో ఒకటి.

రెండో కోవలో మిగిలినవన్నీ ఉన్నాయి. ఈనాటి అద్దెలు చూస్తే పట్టణాల్లో ఎక్కువ ఇళ్లు ఇందులోకే వస్తాయి. వీటికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, అందులోని 106వ సెక్షన్ వర్తిస్తాయి. నెలనెలా సాగే అద్దెకు 15 రోజుల నోటీసిచ్చి కౌలు ముగించవచ్చు. కారణం చెప్పనక్కరలేదు, చెప్పినా రుజువు చేయనక్కరలేదు. అద్దెదారు కదలకపోతే సివిల్ కోర్టులో దావా వేయాలి.

అంటే 15,000 అద్దె వచ్చే ఫ్లాట్ యజమాని తన కూతురి అవసరం గురించి రెండు పేజీలు రాస్తే అది మర్యాద. 3,000 అద్దె వచ్చే పాత ఇంటి యజమాని అదే రెండు పేజీలు రాస్తే అది ఆయన కేసుకు పునాది.

అద్దె నియంత్రణ చట్టం కిందికి వచ్చే ఇంటికి ముందుగా నోటీసు ఇవ్వడం తప్పనిసరా?

తప్పనిసరి కాదు. ఒకప్పుడు దీనిపై కోర్టులు రకరకాలుగా చెప్పేవి. 1979లో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఒక తమిళనాడు కేసులో ఆ గొడవకు తెర దించింది. అద్దె నియంత్రణ చట్టం కింద ఖాళీ చేయించడానికి 106వ సెక్షన్ నోటీసు అవసరం లేదని తేల్చింది.

అయినా నేను ఇప్పించకుండా ఉండను. మీ అవసరం కోర్టుకెక్కడానికి ముందే పుట్టిందని తేదీతో సహా చూపించే కాగితం అదొక్కటే. పైగా ఇల్లు ఏ కోవలోకి వస్తుందన్న దానిపైనే అవతలివారు తగవు పెడితే, రెండు దారులకూ పనికొచ్చే నోటీసు చేతిలో ఉండటం మంచిది. అందుకే 'ఇల్లు కావాలి, ఖాళీ చేయండి' అని ఊరుకోకుండా 'అద్దె ఒప్పందాన్ని ఫలానా తేదీతో ముగిస్తున్నాను' అన్న వాక్యం కూడా పెడతాను. ఆ వాక్యం లేని నోటీసు ఎంత హృదయవిదారకంగా ఉన్నా 106వ సెక్షన్ కింద ఉత్త విన్నపమే అవుతుంది.

'నిజమైన అవసరం' అంటే కోర్టు దేన్ని ఒప్పుకుంటుంది?

ఉంటే బాగుండునన్న కోరిక చాలదు. అలాగని నడివీధిలో నిలబడేంత గతిలేనితనమూ అక్కరలేదు. ఈ రెండింటి మధ్య, నిజాయతీగా పుట్టిన అవసరం ఉండాలి. 1999లో సుప్రీంకోర్టు ఈ కొలత చెప్పింది, నేటికీ దాన్నే వాడుతున్నారు. యజమాని ఏ గదిలో సర్దుకోవాలో, ఏ ఇంట్లో ఉంటే చాలో అద్దెదారు నిర్దేశించలేడని కూడా కోర్టులు చాలాసార్లు చెప్పాయి.

మన అద్దె నియంత్రణ చట్టం 10వ సెక్షన్‌లో నివాస గృహానికి ఒక ప్రత్యేక షరతు ఉంది. అదే ఊళ్లో మీకు సొంతమైన మరో ఇంట్లో మీరు నివసిస్తూ ఉండకూడదు. ఒకవేళ ఒకటి కంటే ఎక్కువ ఇళ్లుండి ఒకదాంట్లో ఉంటుంటే, దాని బదులు ఇదే ఎందుకు కావాలో నిజాయతీగా చూపాలి. 'అదే ఊళ్లో' అన్న మాట గమనించండి. పక్క జిల్లాలోని పల్లెలో మీకున్న ఇల్లు ఈ లెక్కలోకి రాదు. కాని దాన్ని దాచిపెడితే మాత్రం వస్తుంది, ఎలాగో కింద చెబుతాను.

కొడుకు కోసం, తల్లి కోసం అడిగితే అది నా 'సొంత' అవసరమేనా?

అవుతుంది. పంజాబ్ చట్టం కింద వచ్చిన ఒక కేసులో 2002లో సుప్రీంకోర్టు దీన్ని వివరంగా చెప్పింది. అందులో ఒక తండ్రి చార్టర్డ్ అకౌంటెంటైన తన కొడుకు ఆఫీసు కోసం దుకాణం అడిగాడు. సొంత వాడకం అంటే యజమాని ఒంటరిగా వాడుకోవడం కాదు, ఆయనతో ముడిపడి ఆయనపై ఆధారపడిన కుటుంబ సభ్యుల అవసరం కూడా ఆయనదే అంది కోర్టు. అద్దె నియంత్రణ చట్టం వేరే రాష్ట్రానిదైనా ఆ తర్కాన్ని ఇక్కడా వాదనలో వాడుతుంటాం.

కాని చుట్టరికం దూరమయ్యే కొద్దీ మాట పలచబడుతుంది. మేనల్లుడు, తోడల్లుడి కొడుకు అంటే అతను మీ ఇంట్లోనే పెరిగాడనో, మీరే చదివిస్తున్నారనో చూపాలి. అమెరికాలో స్థిరపడిన కొడుకు 'రావచ్చు' అంటే ఎవరూ నమ్మరు. వస్తున్నట్టు ఉద్యోగం కాగితమో, పిల్లల బడి చేరికో చూపిస్తే నమ్ముతారు.

మేం పై అంతస్తులో ఉంటున్నాం. కింది వాటా కూడా కావాలి. ఇదీ అంతేనా?

కాదు, ఇది చట్టంలో వేరే మెట్టు. ఒకే భవనంలో ఒక భాగంలో యజమాని ఉంటూ మిగతాది కూడా కావాలని అడగడాన్ని అదనపు వసతి అంటారు. ఇక్కడ రెంట్ కంట్రోలర్ తక్కెడ పడతారు. ఖాళీ చేయడం వల్ల అద్దెదారుకు కలిగే ఇబ్బంది మీకు కలిగే లాభం కంటే ఎక్కువైతే పిటిషన్ కొట్టేస్తారు. పై సందర్భాల్లో ఈ తక్కెడ లేదు. కాబట్టి మేడ మీద మీరు, కింద అద్దెదారు ఉంటే, మీ అవసరంతో పాటు వారికి చుట్టుపక్కల ఇల్లు దొరుకుతుందన్న విషయం కూడా నోటీసు దశ నుంచే ఆలోచించాలి.

నోటీసులో అవసరాన్ని ఎంత వివరంగా రాయాలి? ఒక నమూనా చూపగలరా?

నమూనా కంటే ఒక జరిగిన సంగతి చెబుతాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ఆయన ప్రభుత్వ ఉపాధ్యాయుడు. ఉద్యోగమంతా ఆదిలాబాద్‌లో గడిచింది. హనుమకొండలో 1994లో కట్టిన రెండు గదుల ఇల్లుంది, వంటగది, వరండా, కింది అంతస్తు. 2013 ఆగస్టు నుంచి ఒక కుటుంబం అద్దెకుంటోంది. అద్దె 3,200. మొదట 11 నెలలకు ఒక కాగితం రాసుకున్నారు, ఆ తర్వాత మాట మీదే నడిచింది. మాస్టారు జూన్‌లో పదవీ విరమణ చేశారు. అక్టోబర్‌లో 84 ఏళ్ల తల్లి జారిపడి తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్స హనుమకొండలో జరిగింది, తిరిగి చూపించుకోవడానికీ అక్కడికే రావాలి. ఆదిలాబాద్‌లో వాళ్లు అద్దెకుంటున్నది మేడ మీద. ఆమె మెట్లెక్కలేదు.

ఇంత గట్టి అవసరం ఉన్న మనిషి నా దగ్గరికి తెచ్చిన నోటీసు ఇది: 'మాకు సొంత అవసరం ఉన్నందున మీరు నెల రోజుల్లోగా ఇల్లు ఖాళీ చేయవలెను. లేనిచో సామాను బయట పెట్టించి తాళం వేయుదుము.' రెండే వాక్యాలు. మొదటి దానిలో తల్లి లేదు, తుంటి లేదు, మెట్లు లేవు. రెండోది నేరం చేస్తానని ముందే రాసివ్వడం.

దాన్ని చించేసి మళ్లీ రాశాం. అందులో అసలు భాగం ఇలా ఉంది:

'హనుమకొండలోని పై ఇంటికి నేను యజమానిని. మీరు నెలకు 3,200 రూపాయల అద్దెపై 2013 ఆగస్టు నుంచి అందులో నివసిస్తున్నారు. అద్దె నెల ప్రతి ఇంగ్లీషు నెల ఒకటో తేదీన మొదలై చివరి తేదీన ముగుస్తుంది. ఈ నోటీసు తేదీ నాటికి అద్దె బకాయి లేదు. మీరిచ్చిన 10,000 రూపాయల అడ్వాన్సు నా దగ్గర ఉంది.

నేను గత జూన్ 30న పదవీ విరమణ చేశాను. నేను, నా భార్య, 84 ఏళ్ల మా అమ్మ ప్రస్తుతం ఆదిలాబాద్‌లో మొదటి అంతస్తులో అద్దెకుంటున్నాము. అక్టోబర్‌లో మా అమ్మకు తుంటి ఎముక విరిగి హనుమకొండలో శస్త్రచికిత్స జరిగింది. ఆమె మెట్లు ఎక్కలేరు. ఆమె వైద్యం ఇక్కడే కొనసాగవలసి ఉంది. మేము ముగ్గురం ఈ ఇంట్లో స్థిరపడదలచాము. హనుమకొండ, వరంగల్, కాజీపేటలలో నాకు మరో ఇల్లు లేదు. స్వగ్రామంలోని పెంకుటింట్లో మా అన్నదమ్ములతో పాటు నాకు మూడో వంతు భాగం ఉంది. అందులో మా అన్నగారి కుటుంబం నివసిస్తోంది.

కావున మీ అద్దె ఒప్పందాన్ని మే 31వ తేదీతో ముగిస్తున్నాను. ఆ తేదీలోగా ఇంటిని ఖాళీ చేసి నాకు స్వాధీనపరచవలసిందిగా కోరుతున్నాను. తాళం చెవులు అప్పగించిన రోజే, ఆనాటికి బాకీపడిన అద్దె, కరెంటు బిల్లు మినహాయించుకుని అడ్వాన్సు తిరిగి చెల్లిస్తాను.'

పైన ఇంటి నంబరు, నాలుగు హద్దులు రాశాం. కింద తేదీ, సంతకం. ఇంతే.

స్వగ్రామంలో భాగం గురించి రాయడం మనకే నష్టం కాదా?

మాస్టారు కూడా ఇదే అడిగారు. ఆ భాగం వేరే ఊళ్లో ఉంది కాబట్టి చట్టప్రకారం అడ్డు కాదు. కాని మనం చెప్పకపోతే క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి వకీలు నెమ్మదిగా తీస్తాడు: 'మీకు ఇంకెక్కడా ఇల్లు లేదన్నారు కదా? మరి ఫలానా గ్రామంలో?' అప్పుడు ఆ పెంకుటిల్లు విలువలేనిదైనా, మీ మాట మీద నమ్మకం పోతుంది. ఇలాంటి కేసుల్లో యజమాని నోటి మాట మీదే సగం నడుస్తుంది.

ఆయన దగ్గర ఇంకొకటి బయటపడింది. రెండేళ్ల క్రితం అద్దెదారు భార్యకు పంపిన ఫోను సందేశం: 'వచ్చే నెల నుంచి 5,000 ఇస్తే ఉండండి, లేకపోతే ఖాళీ చేయండి.' అద్దె పెంచమని అడిగి, ఒప్పుకోకపోయేసరికి సొంత అవసరం పుట్టించారనడానికి అద్దెదారుకు ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. మాస్టారి అదృష్టం, ఆ సందేశానికీ తల్లి పడటానికీ మధ్య చాలా కాలం ఉంది. అదే సందేశం నోటీసుకు మూడు వారాల ముందు వెళ్లి ఉంటే నేను ఆ కేసు పట్టేవాణ్ణి కాదు. కాబట్టి నోటీసు రాయడానికి ముందు మీ ఫోను మీరే చదువుకోండి. అవతలివారు తప్పకుండా చదువుతారు.

గడువు ఎంత ఇవ్వాలి? 15 రోజులు చాలవా?

106వ సెక్షన్‌కు 15 రోజులు చాలు. ఒప్పందంలో రెండు నెలలనో మూడు నెలలనో ఉంటే మాత్రం అదే వర్తిస్తుంది. గడువు లెక్క నోటీసు రాసిన రోజు నుంచి కాదు, అందిన రోజు నుంచి. 2002 చివరి దాకా ఈ నోటీసులు చిన్న తప్పుకే కొట్టుకుపోయేవి. గడువు అద్దె నెల చివరి రోజుతోనే ముగియాలని పట్టుబట్టేవారు, ఒక రోజు తేడా వస్తే దావా పోయేది. ఆ తర్వాత వచ్చిన సవరణ ఆ పట్టును సడలించింది. గడువు కాస్త తక్కువగా రాసినా, అసలు 15 రోజులు దాటాకే దావా వేస్తే నోటీసు చెల్లుతుంది. అయినా నేను ఇప్పటికీ నెలాఖరు తేదీయే వేస్తాను. పాత అలవాటు, ఎవరికీ నష్టం లేదు.

మాస్టారి నోటీసు ఫిబ్రవరి 9న వెళ్లింది, 12న అందింది. చట్టం దృష్టిలో 27 నాటికే పదిహేను రోజులు నిండాయి. మేం ఇచ్చింది మే 31 దాకా. అద్దెదారు కూతురు తొమ్మిదో తరగతి. నడి సంవత్సరంలో ఇల్లు మారమంటే వాళ్లు పోరాడతారు, వేసవి సెలవుల్లో మారమంటే ఆలోచిస్తారు. ఇంకో సంగతి, అద్దె నియంత్రణ చట్టం కింద కంట్రోలర్ మీకు అనుకూలంగా ఉత్తర్వు ఇచ్చినా అద్దెదారుకు మొత్తం మీద మూడు నెలల దాకా సమయం ఇవ్వవచ్చు. ఎలాగూ కోర్టు ఇచ్చే సమయాన్ని మీరే ముందుగా ఇస్తే, తొందరపెట్టారన్న మాట పడదు.

అలాగని ఏడాది గడువు ఇవ్వకండి. 'తల్లి మెట్లెక్కలేదు' అని రాసి పన్నెండు నెలలు ఆగుతానంటే, ఆ అవసరం అంత అవసరమా అన్న ప్రశ్న వస్తుంది. కారణం, గడువు ఒకదాన్నొకటి మోయాలి.

11 నెలల ఒప్పందం ఇంకా నడుస్తోంది. మధ్యలో నోటీసు ఇవ్వవచ్చా?

నిర్ణీత కాలానికి ఇచ్చిన ఇంటిని ఆ కాలం ముగియకముందే సొంత అవసరం పేరుతో అడగడానికి అద్దె నియంత్రణ చట్టం ఒప్పదు. రెండో కోవ ఇళ్లలోనూ, మధ్యలో ముగించే షరతు ఒప్పందంలో ఉంటే తప్ప కుదరదు. గడువు అయ్యేదాకా ఆగండి. ఈలోగా ఖాళీ చేయమంటామని మాట మాత్రం ముందుగా చెప్పండి.

నోటీసు ఎలా పంపాలి? వాట్సాప్‌లో పంపితే చాలదా?

వాట్సాప్‌లో పంపండి, కాని దాని మీదే ఆధారపడకండి. చట్టం కోరేది రాతపూర్వకంగా, సంతకంతో ఉన్న నోటీసు. దాన్ని పోస్టులో పంపాలి లేదా అద్దెదారుకు గాని, ఆ ఇంట్లోని కుటుంబ సభ్యులకు, పనివారికి గాని చేతికివ్వాలి. అది సాధ్యం కాకపోతే ఇంటి మీద అందరికీ కనబడే చోట అంటించాలి. తరాలుగా దీనికి రిజిస్టర్డ్ పోస్టు, ఆ వెంట తిరిగొచ్చే రసీదు కార్డు వాడేవాళ్లం. 2025లో తపాలా శాఖ రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేసింది. ఇప్పుడు స్పీడ్ పోస్టుకే రిజిస్ట్రేషన్, చేరిన రుజువు అడిగి తీసుకోవాలి.

కవరు 'తీసుకోవడానికి నిరాకరించారు' అన్న ముద్రతో తిరిగొస్తే కంగారు పడనక్కరలేదు. సరైన చిరునామాకు పంపిన నోటీసును నిరాకరిస్తే అందినట్టే లెక్క. ఆ కవరును విప్పకుండా అలాగే దాచండి. విప్పి చూసుకున్న కవరుకు కోర్టులో విలువ తగ్గుతుంది. 'తలుపు తాళం' అని తిరిగొస్తే మాత్రం మళ్లీ పంపండి, చేతికివ్వండి, ఇద్దరు సాక్షుల ముందు అంటించి ఫోటో తీయండి.

నోటీసు ఇచ్చాక అద్దె తీసుకోవచ్చా?

అద్దె నియంత్రణ చట్టం కింది ఇళ్లలో తీసుకుని రసీదు ఇవ్వవచ్చు. రెండో కోవలో మాత్రం జాగ్రత్త. గడువు తర్వాత ఎప్పటిలాగే 'జూన్ నెల అద్దె ముట్టింది' అని రాసిస్తే, నోటీసును మీరే వదులుకున్నారని అవతలివారు వాదిస్తారు. డబ్బు తీసుకున్నంత మాత్రాన నోటీసు రద్దు కాదు, ఒప్పందం కొనసాగించాలన్న ఉద్దేశం కనబడాలి. ఆ సందు కూడా లేకుండా 'నోటీసుకు భంగం లేకుండా, ఇంటిని వాడుకున్నందుకు పరిహారంగా ముట్టింది' అని రాయండి.

నేను అద్దెదారును. ఇలాంటి నోటీసు వచ్చింది. ఏం చేయాలి?

ముందు భయపడకండి. నోటీసు అంటే ఉత్తర్వు కాదు. గడువు తేదీ వచ్చినా కోర్టు చెప్పకుండా మిమ్మల్ని ఎవరూ బయటికి పంపలేరు. తాళం వేసినా, సామాను బయట పడేసినా, నీళ్లో కరెంటో ఆపినా చట్టవిరుద్ధమే. అలా బలవంతంగా వెళ్లగొడితే ఆరు నెలల్లోగా స్వాధీనం తిరిగి కోరుతూ ప్రత్యేక దావా వేసే హక్కు మీకుంది.

తర్వాత మీ ఇల్లు ఏ కోవలోకి వస్తుందో చూడండి. అద్దె 9,000 అయితే యజమాని అవసరం నిజమా అబద్ధమా అన్నదాని మీద శక్తి వృథా చేసుకోకండి. అక్కడ అది ప్రశ్నే కాదు. సమయం అడగండి. అద్దె 3,000 అయితే ఆ ప్రశ్నే అంతా. ఆయనకు అదే ఊళ్లో ఇంకో ఇల్లుందా? ఈ మధ్య వేరే వాటా ఖాళీ అయితే ఆయన అందులోకి వెళ్లకుండా ఇంకొకరికి అద్దెకిచ్చారా? అద్దె పెంపు అడిగారా? తేదీలతో, కాగితాలతో జవాబు ఇవ్వండి. జవాబు ఇవ్వకపోతే ఓడిపోతారని కాదు, కాని మీ వాదన తర్వాత అల్లినట్టు కనిపిస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం, అద్దె ఆపకండి. కోపం వచ్చినవాళ్లు చేసే మొదటి పని అదే. యజమానికి దానితో బకాయి అనే రెండో కారణం దొరుకుతుంది, బకాయి చెల్లించనిదే కంట్రోలర్ ముందు మీ వాదన వినిపించే వీలు కూడా పోవచ్చు. ఆయన కావాలనే తీసుకోకపోతే, ఏ బ్యాంకు ఖాతాలో వేయాలో రాతపూర్వకంగా అడగండి. అదీ చెప్పకపోతే మనియార్డరు పంపండి. అదీ తిరిగొస్తే కంట్రోలర్ దగ్గర జమ చేయడానికి చట్టంలో దారి ఉంది.

కేసు నడుస్తుండగా అవసరం మారిపోతే?

ఇది ఆలస్యానికి సంబంధించిన చిక్కు. పిటిషన్ వేసిన రోజున అవసరం ఉందా లేదా అన్నదే ముఖ్యమని 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ డాక్టరైన కొడుకు క్లినిక్ కోసం అడిగిన కేసు ఇరవై ఏళ్లకు పైగా నడిచింది. కోర్టుల నత్తనడకకు యజమానిని శిక్షించకూడదన్నారు. మరోవైపు మన ఉమ్మడి రాష్ట్రం నుంచే వెళ్లిన ఒక కేసులో, తర్వాత జరిగిన ముఖ్యమైన మార్పులను కోర్టు గమనించవచ్చని 1975లోనే చెప్పింది. అక్కడ యజమానికి ఈలోగా వేరే చోట స్థలం చేతికొచ్చింది. రెండూ నిజమే. కాలం గడవడం వల్ల అవసరం చావదు. అదే అవసరం ఇంకో ఇంటితో తీరిపోతే చస్తుంది.

మాస్టారి కేసు ఏమైంది?

కోర్టుకు వెళ్లలేదు. అద్దెదారు వకీలు ద్వారా జవాబు వచ్చింది, అందులో ఆ పాత ఫోను సందేశం మొదటి పేరాలోనే ఉంది. మేం ఆస్పత్రి డిశ్చార్జి కాగితం, ఆదిలాబాద్ ఇంటి అద్దె రసీదులు, పెన్షన్ ఉత్తర్వు నకళ్లు పంపాం. ఏప్రిల్‌లో అద్దెదారు భార్య స్వయంగా ఫోను చేసి, 'మాస్టారూ, పాప సర్టిఫికెట్లు, పై బడిలో సీటు చూసుకుని జూన్ పదో తేదీకి వెళతాం' అన్నారు. పది రోజులు ఎక్కువ. ఆ మాటను ఇద్దరి సంతకాలతో కాగితం మీద పెట్టాం, జూన్ 10 అని, అడ్వాన్సు అదే రోజు అని.

ఇల్లు చేతికొచ్చాక ఇంకేమైనా చేయాలా?

కంట్రోలర్ ఉత్తర్వు ద్వారా వచ్చిన ఇంట్లోకి నెలలోగా మీరే చేరాలి. చేరకపోయినా, చేరి తగిన కారణం లేకుండా ఆరు నెలల్లోపు ఖాళీ చేసినా, పాత అద్దెదారు తిరిగి ఆ ఇంటిని ఇప్పించమని కంట్రోలర్‌ను కోరవచ్చు. రంగులు వేయించడానికి నెల దాటేలా ఉంటే మేస్త్రి బిల్లులు దాచుకోండి. చేరగానే గ్యాస్ కనెక్షన్ మార్పించుకోండి, ఓటరు జాబితాలో చిరునామా మార్పుకు దరఖాస్తు పెట్టండి. మాస్టారు ఉత్తర్వు లేకుండానే ఇల్లు పొందారు కాబట్టి ఈ షరతు ఆయనకు లేదు. అయినా జూన్ 19న తల్లిని అంబులెన్సులో తెచ్చి వరండాలో మంచం వేయించారు.